ఎన్ని అంకెల దాకా నమ్మాలి?

ల్యాబులో కాస్టిక్ సోడా ద్రావణం గాఢత కచ్చితంగా తేల్చాలంటే పొటాషియం హైడ్రోజన్ థాలేట్ అనే తెల్లని లవణాన్ని తూచి, నీళ్లలో కరిగించి, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేసి, బ్యూరెట్ నుంచి సోడాను వదులుతారు. లేత గులాబీ రంగు నిలిచిందంటే ఆపాలి. లెక్క కట్టాక కాలిక్యులేటర్ 0.10057406 అని చూపిస్తుంది. ఇందులో సగం అంకెలు మన పరికరాలకు తెలియనివే.

ముందు తూకం. నాలుగు దశాంశ స్థానాల ఎలక్ట్రానిక్ త్రాసు మీద 0.5104 గ్రాములు వచ్చాయనుకుందాం. చివరి 4 కాస్త అటూ ఇటూ ఊగుతుంది. సీసాను తీయకముందు ఒకసారి, తీశాక ఒకసారి తూస్తాం కాబట్టి 0.0002 దాకా తేడా ఉందనుకోవడం న్యాయం. అంటే 0.04 శాతం. తూకం సరిగ్గా 0.5100 అని వస్తే ఆ సున్నాలు కూడా రాయాల్సిందే. 0.51 అని రాస్తే రెండు స్థానాల త్రాసు వాడారని చదివేవాళ్లు అనుకుంటారు.

బ్యూరెట్ మీద గీతలు 0.1 మి.లీ.కొకటి ఉంటాయి. ద్రవం అడుగు వంపు రెండు గీతల మధ్య ఎక్కడుందో కంటితో అంచనా వేసి రెండో దశాంశం రాయాలి. గీత మీదే ఉంటే 25.2 కాదు, 25.20. ఒక్కో రీడింగులో 0.02 పొరపాటుకు తావుంది. 25.20 లోంచి మొదటి రీడింగు 0.35 తీసేస్తే 24.85 మి.లీ. రెండు రీడింగుల పొరపాట్లను వర్గాలు చేసి కలిపి వర్గమూలం తీస్తే సుమారు 0.03 మి.లీ., అంటే 0.12 శాతం. త్రాసు కంటే మూడు రెట్లు.

ఈ రెండు శాతాలనూ అలాగే కలిపితే 0.13 శాతం వస్తుంది. త్రాసు వాటా దాదాపు కనిపించనే లేదు! గాఢతలో ఇది 0.00013. కాబట్టి రాయాల్సింది 0.1006 ± 0.0001 మోల్/లీటర్. అనిశ్చితి ఏ స్థానంలో ఉందో, ఫలితం కూడా ఆ స్థానంలోనే ఆగాలి. మధ్య మెట్లలో మాత్రం అంకెలు కోయొద్దు. సవరింపు చివర ఒక్కసారే.

అయితే ఈ లెక్కలో ఉన్నది రీడింగుల తేడా మాత్రమే. బ్యూరెట్ చుక్క ఒకటి దాదాపు 0.05 మి.లీ. ఉంటుంది. రంగు ముదిరేలా ఒక చుక్క ఎక్కువ పడితే పొరపాటు 0.2 శాతం, అంటే మనం రాసిన అనిశ్చితికి మించినదే. అందుకే అనుభవజ్ఞులు చివర్లో సగం చుక్కను కొనకు వేలాడదీసి, ఫ్లాస్కు గోడకు తాకించి, నీళ్లతో కడుగుతారు. పైగా అదే బ్యూరెట్‌తో ఎన్నిసార్లు చేసినా గీతల్లోనే ఉన్న తప్పు పోదు. 50 మి.లీ. 'ఎ' తరగతి బ్యూరెట్‌కు 0.05 మి.లీ. దాకా తేడాను ప్రమాణాలే అనుమతిస్తాయి.

లవణం తక్కువ తీసుకుని సోడా 4.85 మి.లీ.తో సరిపెడితే అదే 0.03 తేడా 0.6 శాతం అవుతుంది. పాతిక మి.లీ. ఖర్చయ్యేలా తూచమనేది అందుకే.