మంట లేకపోయినా మందెందుకు?

నెల తప్పిన కొద్ది వారాలకే బాత్రూముకు తిరగడం మొదలవుతుంది. పొట్ట ఇంకా కనిపించనైనా కనిపించదు, రాత్రిళ్లు మాత్రం రెండు మూడుసార్లు లేవాల్సి వస్తుంది. గర్భం తొలి నెలల్లోనే కిడ్నీలకు రక్తం ఎక్కువగా చేరి, వాటి వడపోత దాదాపు సగం మేర పెరుగుతుంది. దానికి తోడు గర్భసంచి పక్కనే ఉన్న మూత్రాశయాన్ని నొక్కుతుంది. నాలుగో నెలలో సంచి పైకి లేచాక కాస్త తెరిపి దొరుకుతుంది. చివర్లో బిడ్డ తల కిందికి దిగితే కథ మళ్లీ మొదటికే. ఇదంతా జబ్బు కాదు. లేవలేక నీళ్లు తాగడం తగ్గించుకోవడం మాత్రం మంచిది కాదు.

చిక్కేమిటంటే, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఇలాగే మాటిమాటికీ వస్తుంది. మంట, పొత్తికడుపులో నొప్పి, అర్జెంటుగా పరిగెత్తినా నాలుగు చుక్కలే రావడం, మూత్రంలో రక్తం కనిపించడం మామూలు గర్భం పనులు కావు. మన ఇళ్లలో దీనికి సిద్ధంగా ఉండే మాట ‘వేడి చేసింది’. బార్లీ నీళ్లతో నష్టం లేదు కానీ, వాటిని నమ్ముకుని వారం గడిపేస్తేనే నష్టం.

అసలు ఆలోచించాల్సింది ఏ బాధా లేనివాళ్ల గురించి. నూటికి 2 నుంచి 10 మంది గర్భిణుల మూత్రంలో బ్యాక్టీరియా చప్పుడు చేయకుండా పెరుగుతుంటుంది. చాలాసార్లు అది మన పేగుల్లో ఉండే ఈ-కొలై. గర్భం లేని ఆరోగ్యవంతురాలిలో ఇలా కనిపిస్తే డాక్టర్లు సాధారణంగా మందు వేయరు. గర్భిణికి ఎందుకు వేస్తారంటే, ప్రొజెస్టిరాన్ హార్మోను ప్రభావంతో కిడ్నీ నుంచి మూత్రాన్ని దించే గొట్టాలు వదులవుతాయి. పెరిగే గర్భసంచి వాటిని ఒత్తుతుంది, అదీ కుడివైపు ఎక్కువగా. మూత్రం నెమ్మదించి నిలిచేచోట బ్యాక్టీరియా పైకి ఎక్కడం తేలిక.

ఈ సంగతిని పట్టుకున్నది బోస్టన్ వైద్యుడు ఎడ్వర్డ్ కాస్. మిల్లీలీటరు మూత్రంలో లక్ష బ్యాక్టీరియా ఉంటే నిజమైన ఇన్ఫెక్షన్‌గా లెక్కించాలన్న హద్దు 1950ల్లో ఆయన పెట్టిందే. మందు వేయకపోతే ఇలాంటి గర్భిణుల్లో నూటికి 20 నుంచి 40 మందికి కిడ్నీ ఇన్ఫెక్షన్ వచ్చినట్టు పాత అధ్యయనాలు చూపాయి. ఈమధ్య చేసిన పరిశీలనల్లో ఆ ముప్పు తక్కువగానే తేలింది. అయినా వచ్చినప్పటి ప్రమాదం పెద్దది కనుక మూడు నాలుగు నెలల్లో ఒకసారి కల్చర్ చేయించి, ఉంటే మందు వేయడమే ఇప్పటికీ పద్ధతి.

నాలుగో నెల గర్భిణి ఒకామెను ఊహించుకుందాం. మామూలు మూత్రపరీక్షలో చీము కణాలు లేవు, మంటా లేదు. ఆ రిపోర్టుతో ఇన్ఫెక్షన్ లేదని తేల్చలేం, కల్చరే తేల్చాలి. ఆమె నీళ్లతో శుభ్రం చేసుకుని, మొదటి ధార వదిలేసి, మధ్యలోది ల్యాబ్ ఇచ్చిన డబ్బాలో పట్టింది. ఇంట్లో పట్టి మధ్యాహ్నం దాకా బల్లమీద ఉంచితే బ్యాక్టీరియా డబ్బాలోనే పెరిగి రిపోర్టు తప్పుతుంది. రెండు రోజులకు వచ్చింది: ఈ-కొలై, లక్షకు పైగా. కిందనే ఏ మందుకు అది లొంగుతుందో రాసి ఉంది. డాక్టర్ సెఫలెక్సిన్ వారం రోజులు రాశారు. నైట్రోఫ్యూరాంటోయిన్ కూడా వాడతారు గానీ కాన్పు దగ్గర పడ్డాక ఇవ్వరు, పుట్టే బిడ్డ ఎర్రకణాలు చితికే ప్రమాదం ఉంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే సిప్రోఫ్లాక్సాసిన్ గర్భిణికి తగినది కాదు. ‘నాకేం లేదు కదా’ అని ఆమె మూడోరోజే ఆపేస్తే మిగిలిన బ్యాక్టీరియా మళ్లీ పెరగొచ్చు. కోర్సు అయ్యాక ఒకటి రెండు వారాలకు మళ్లీ కల్చర్ చేస్తారు, ఎందుకంటే బాధే లేనప్పుడు తగ్గిందని తెలిసేది దానితోనే.

కిడ్నీదాకా పాకితే మాత్రం గుట్టుగా ఉండదు. వణుకుతో జ్వరం, పక్కటెముకల కింద వీపు పక్క నొప్పి (చాలామందికి కుడివైపే), తాగిన నీళ్లు కూడా నిలవని వాంతులు. గర్భిణికి నడుం నొప్పి మామూలే కనుక దీన్నీ అందులో కలిపేస్తారు. మామూలు నడుం నొప్పికి చలిజ్వరం రాదు. మంట లేకుండానే ఇవి మొదలు కావచ్చు. తెల్లారేదాకా ఆగకుండా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే నెలలు నిండకుండానే నొప్పులు రావచ్చు, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకవచ్చు, ఊపిరితిత్తులకు నీరు చేరవచ్చు.

అక్కడ సెలైన్, నరంలోకి యాంటీబయాటిక్ ఇస్తారు. జ్వరం సాధారణంగా రెండు మూడు రోజుల్లో దిగుతుంది. దిగకపోతే రాయి ఏదైనా అడ్డుపడిందేమోనని స్కాన్ తీస్తారు. తర్వాత మాత్రలతో కలిపి మొత్తం రెండు వారాలు, ఆపైన తిరగబెట్టకుండా చాలామందికి కాన్పు వరకు రోజూ చిన్న మోతాదు కొనసాగిస్తారు.