గోళం మీద త్రిభుజం: ఆ మిగులు కోణం ఎక్కడిది?

ఉత్తర ధ్రువం నుంచి సున్నా డిగ్రీల రేఖాంశం వెంట భూమధ్యరేఖ దాకా దిగుదాం. అక్కడ తూర్పుకు తిరిగి, 90 డిగ్రీల రేఖాంశం తగిలేవరకూ వెళ్లి, దాని వెంట మళ్లీ ధ్రువానికి చేరుకుందాం. ఇదొక త్రిభుజం. భూమధ్యరేఖ దగ్గర రెండు లంబకోణాలు, ధ్రువం దగ్గర మరొకటి: మొత్తం 270 డిగ్రీలు.

గోళం మీద సరళరేఖ స్థానంలో నిలిచేది గోళాన్ని సరిసగాలుగా చీల్చే మహావృత్తం. రేఖాంశాలూ భూమధ్యరేఖా అలాంటివే. మిగతా అక్షాంశ వృత్తాలు కావు, వాటిని భుజాలుగా తీసుకుంటే ఈ లెక్క కుదరదు. బడిలో 180 డిగ్రీలని నిరూపించేటప్పుడు శీర్షం గుండా ఎదుటి భుజానికి సమాంతర రేఖ గీస్తాం. గోళం మీద ఆ గీతే దొరకదు, ఎందుకంటే ఏ రెండు మహావృత్తాలైనా కలుసుకుని తీరతాయి.

మరి మిగులు ఎంత? 1629లో ఆల్బెర్ట్ గిరార్డ్ ప్రచురించిన జవాబు నాకెంతో ఇష్టం. త్రిభుజంలో ఒక మూల దగ్గర కలిసే రెండు మహావృత్తాలు గోళం మీద బత్తాయి తొన వీపులాంటి పట్టీని కోస్తాయి, దానికి సరిగ్గా అవతలి వైపు మరొకదాన్ని. కోణం A డిగ్రీలైతే ఆ రెండూ కలిసి గోళంలో A/180 వంతు. మూడు మూలలకూ ఇలా గీస్తే ఆరు పట్టీలు గోళమంతా కప్పేస్తాయి. అయితే మన త్రిభుజం మీద మూడు పొరలు పడతాయి, అవతలి వైపున్న దాని జంట మీదా అంతే. తక్కిన చోట్ల ఒక్క పొరే. అంటే గోళం మొత్తానికి పైన నాలుగు త్రిభుజాల వైశాల్యం అదనం. గోళం వైశాల్యం S, త్రిభుజానిది T అయితే:

A + B + C = 180 + 720 × T/S

మన ధ్రువ త్రిభుజం గోళంలో ఎనిమిదో వంతు. 720ని 8తో భాగిస్తే 90. 180కి కలిపితే 270. వైశాల్యం ఎప్పుడూ సున్నా కన్నా ఎక్కువే కాబట్టి మొత్తం 180ని దాటక తప్పదు.

పొలంలో గీసిన త్రిభుజంలో ఈ మిగులు ఏ పరికరానికీ అందదు. భూమి మీద దాదాపు 197 చదరపు కిలోమీటర్లకు వచ్చేది ఒక్క సెకను, అంటే డిగ్రీలో 3600వ వంతు. కానీ 1802లో విలియం లాంబ్టన్ మద్రాసులో మొదలుపెట్టిన సర్వేలాంటి పనిలో, కొండ నుంచి కొండకు పదుల కిలోమీటర్ల భుజాలుండేవి. మూడు భుజాలూ 50 కిలోమీటర్లయితే వైశాల్యం సుమారు 1,083 చదరపు కిలోమీటర్లు, మిగులు 5.5 సెకన్లు. థియోడొలైట్‌తో కొలిచిన మూడు కోణాల మొత్తం 180 డిగ్రీల మీద 7 సెకన్లు వచ్చిందనుకోండి. అందులో 5.5 భూమి వంపుది, 1.5 మాత్రమే కొలతలో తప్పు. ఈ తేడా తెలియకపోతే సర్వేయరు సరైన కోణాలను కూడా దిద్ది పాడుచేస్తాడు. తప్పును సరిచేశాక, లెజెండ్ర్ చూపిన సులువు ప్రకారం, మిగులులో మూడో వంతును ఒక్కో కోణం నుంచి తీసేసి, మామూలు సమతల త్రిభుజంలాగే భుజాలు లెక్కకట్టవచ్చు.