వరిబీజం: పసివారికి ఆగవచ్చు.. పెద్దలు దాచుకోరాదు

ఏన్కూరు: నెలల బిడ్డకు స్నానం చేయిస్తుండగా వృషణాల సంచి ఒక పక్క నిండుగా, మెత్తగా ఉబ్బి కనిపిస్తుంది. తాకినా బిడ్డ ఏడవడు. మరో ఇంట్లో నలభై అయిదేళ్ల రైతుకు అదే చోట వాపు మొదలై ఏళ్లు గడిచాయి. నొప్పి లేదు కనుక ఎవరికీ చెప్పలేదు. పంచె కట్టులో దాచుకుని పొలానికి వెళ్లివస్తున్నాడు. ఊళ్లో ఈ రెండింటికీ పేరు ఒకటే.. బుడ్డ. కాస్త చదువుకున్నవారు వరిబీజమంటారు, వైద్యులు హైడ్రోసిల్ అంటారు. పేరు ఒకటే అయినప్పటికీ ఇద్దరికీ కారణం వేరు, చికిత్స వేళ వేరు. బిడ్డ విషయంలో తల్లిదండ్రులు అనవసరంగా తొందరపడుతుంటారు. పెద్దవారేమో తొందరపడవలసిన చోట ఆలస్యం చేస్తుంటారు.

వృషణం చుట్టూ రెండు పొరల పలుచని సంచి ఉంటుంది. ఆ పొరల నడుమ కొద్దిపాటి ద్రవం ఊరుతూ, ఊరినంత తిరిగి ఇంకిపోతూ ఉండటం సహజం. ఊరేది ఎక్కువై ఇంకేది తక్కువైతే నీరు నిలిచి సంచి ఉబ్బుతుంది. అదే వరిబీజం. వృషణం పెరిగి వాపు వచ్చిందనుకోవడం పొరపాటు. అది లోపల తన పరిమాణంలోనే ఉంటుంది, చుట్టూ నీరు చేరుతుంది.

బిడ్డ కడుపులోని దారి

మగబిడ్డ తల్లి గర్భంలో ఉండగా వృషణాలు మొదట పొట్టలోనే తయారవుతాయి. నెలలు నిండేకొద్దీ గజ్జ మీదుగా కిందికి దిగుతాయి. అవి దిగేటప్పుడు పొట్ట లోపలి పొర కూడా సన్నని గొట్టంలా వెంట వస్తుంది. పుట్టే నాటికో, ఆ తరువాతి నెలల్లోనో ఈ దారి మూసుకుపోవాలి. మూసుకోకుండా సన్నగా మిగిలితే పొట్టలోని నీరు దాని గుండా సంచిలోకి జారుతుంది. దారి మూసుకున్నా అంతకు ముందే చేరిన నీరు కొంతకాలం నిలిచి ఉండవచ్చు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఇది మరింత ఎక్కువగా కనిపిస్తుంది. తల్లి తిన్నదానికి గానీ, బిడ్డను ఎత్తుకున్న తీరుకు గానీ దీనితో సంబంధం లేదు.

దారి తెరిచి ఉందో లేదో తల్లే చాలావరకు గమనించగలదు. రాత్రంతా పడుకుని లేచిన బిడ్డకు ఉదయం వాపు తగ్గి, ఆడి ఏడ్చిన తరువాత సాయంత్రానికి పెరుగుతుంటే నీరు వచ్చిపోతున్నట్లే. అంటే దారి ఇంకా తెరిచి ఉంది. పగలూ రాత్రీ ఒకే పరిమాణంలో ఉండి, నెల నెలకూ కొంచెం తగ్గుతూ వస్తే దారి మూసుకుని ఉన్న నీరు ఇంకిపోతున్నదని అర్థం.

ఒక బిడ్డ సంగతి తీసుకుందాం. నాలుగో నెలలో టీకాకు తెచ్చినప్పుడు కుడి పక్క వాపు కనిపించిందనుకోండి. వైద్యుడు మొదట రెండు వృషణాలూ సంచిలోకి దిగాయో లేదో చూస్తారు. తరువాత వాపు పై అంచును వేళ్లతో పట్టి చూస్తారు. వాపు సంచికే పరిమితమై, దాని పైన వేళ్లు కలుసుకోగలిగితే వరిబీజం కావచ్చు. వాపు గజ్జలోకి సాగుతుంటే హెర్నియాను అనుమానించాలి. ఈ బిడ్డకు వాపు సంచిలోనే ఉంది, పాలు తాగుతున్నాడు, బరువు పెరుగుతున్నాడు. అప్పుడు మందు రాయరు, ఆపరేషన్ చెప్పరు. కొన్ని నెలల తరువాత మళ్లీ తెచ్చి చూపించమంటారు. ఇలాంటి పిల్లల్లో అత్యధికులకు ఏడాది నిండేలోగా వాపు దానంతట అదే పోతుంది. ఏడాది దాటినా మిగిలినవారిలో కొందరికి రెండో ఏట కూడా తగ్గుతుంది. రెండేళ్లకూ నిలిచి ఉన్నా, మధ్యలోనే పెరిగిపోతున్నా శస్త్రచికిత్స చేస్తారు. గజ్జలో చిన్న గాటు పెట్టి, మూసుకోని ఆ దారిని కట్టివేసి నీరు తీసేస్తారు. చాలాచోట్ల అదే రోజు ఇంటికి పంపుతారు.

బిడ్డకు సూది గుచ్చి నీరు తీయించడం మాత్రం ఎన్నడూ చేయరాదు. దారి తెరిచి ఉంటే నీరు మళ్లీ చేరుతుంది. అది నీరు కాక జారిన పేగైతే సూది పేగులోకి దిగుతుంది. ఆకు పసర్లు పట్టువేయడం, మొలతాడు బిగించడం వల్ల ఆ దారి మూసుకోదు. లేత చర్మం పుండ్లు పడుతుంది, అంతే.

టార్చి వెలుగును ఎంతవరకు నమ్మాలి?

చీకటి గదిలో వాపు వెనుక నుంచి టార్చి వెలిగిస్తే నీరున్న సంచి ఎర్రగా దీపంలా వెలుగుతుంది. ఇది వైద్య విద్యార్థులకు మొదట నేర్పే పరీక్షల్లో ఒకటి. ఇప్పుడు సెల్‌ఫోన్ లైటుతో ఇంట్లోనే చేసి చూసుకుంటున్నవారూ ఉన్నారు. అయితే పసివారి పేగు గోడ చాలా పలుచన. జారిన పేగులో గాలి ఉంటే అదీ వెలుగుతుంది. పెద్దవారిలో దీనికి భిన్నంగా జరుగుతుంది. ఏళ్ల తరబడి నిలిచిన నీరు చిక్కబడి, సంచి గోడ దళసరి అయితే అసలైన వరిబీజం కూడా వెలగదు. కాబట్టి టార్చి ఒక ఆనవాలు మాత్రమే. సందేహం ఉన్నప్పుడు అల్ట్రాసౌండ్ పరీక్షతో తేలుతుంది.

హెర్నియాకు వరిబీజానికి ఉన్నంత వ్యవధి ఉండదు. అదే తెరిచిన దారి కాస్త వెడల్పుగా ఉంటే నీటికి బదులు పేగే జారుతుంది. ఏడ్చినప్పుడు గజ్జలో ఉబ్బు పొడుచుకువచ్చి, పడుకున్నప్పుడు లోపలికి పోతుంది. ఆ పేగు ఇరుక్కుంటే రక్తప్రసరణ ఆగి కుళ్లిపోయే ప్రమాదం ఉంది. అందుకే పసిబిడ్డకు హెర్నియా ఉందని తేలితే ఏడాదో రెండేళ్లో ఆగరు, వీలైనంత త్వరలో ఆపరేషన్ చేస్తారు. వాపు గట్టిపడి లోపలికి పోకపోయినా, బిడ్డ ఆగకుండా ఏడుస్తున్నా, వాంతులు అవుతున్నా, పొట్ట ఉబ్బినా తెల్లవారేదాకా ఆగరాదు. వృషణం మెలిపడినప్పుడు హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తుంది. ఇది ఏ వయసులోనైనా రావచ్చు. కౌమారంలోని పిల్లల్లో ఎక్కువ. సుమారు ఆరు గంటల్లోగా సరిచేస్తేనే వృషణం దక్కే అవకాశం బాగా ఉంటుంది. తల్లాడ-కొత్తగూడెం దారి మీది ఏన్కూరు నుంచి గానీ, లోపలి తండాలు, గూడేల నుంచి గానీ ఖమ్మం చేరడానికి పట్టే సమయం కూడా ఈ ఆరు గంటల్లోనిదే.

పెద్దవారిలో కారణం వెదకాలి

పెద్దవారి వరిబీజం దానంతట అది పోవడం అరుదు. బరువులు ఎత్తడం వల్ల, చలవ చేసే పదార్థాలు తినడం వల్ల వచ్చిందని చెప్పుకుంటారు గానీ అది సరికాదు. చాలామందిలో కారణమేమీ కనిపించదు. మరికొందరిలో పాత దెబ్బ, వృషణానికి సోకిన ఇన్ఫెక్షన్, గజ్జలో జరిగిన ఆపరేషన్ వంటివి కారణమవుతాయి. అరుదుగా వృషణంలో పుట్టిన కణితి చుట్టూ నీరు చేరుతుంది. ఈ కణితి కూడా మొదట్లో నొప్పి పెట్టదు. ముప్ఫై ఏళ్ల యువకుడికి కొద్ది వారాల్లోనే వాపు వచ్చి, నీటి వెనుక వృషణం చేతికి అందకపోతే అల్ట్రాసౌండ్ తప్పనిసరి. నొప్పి లేదు కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

మన దేశంలో మరో ముఖ్య కారణం ఫైలేరియా. బోదకాలు తెచ్చే క్రిమే ఇది. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దీన్ని ఒకరి నుంచి మరొకరికి చేరవేస్తుంది. పెద్ద క్రిములు మగవారి వృషణాల పైనున్న శోషరస నాళాల్లో కాపురముంటాయి. నాళాలు దెబ్బతిని నీరు ఇంకక సంచిలో నిలుస్తుంది. 1863లో పారిస్‌లో డిమార్కే అనే శస్త్రవైద్యుడు క్యూబా నుంచి వచ్చిన రోగి వరిబీజం నీటిలోనే ఈ క్రిమి పిల్లలను తొలిసారి చూశారు. ప్రపంచంలో సుమారు 2.5 కోట్ల మంది పురుషులు ఫైలేరియా వరిబీజంతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాలు వాచిన మనిషి అందరికీ కనిపిస్తాడు, వీరు కనిపించరు.

ఏడాదికోసారి ఇంటింటా మింగించే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలపై ఒక అపోహ ఉంది. వాటితో వాపు తగ్గలేదని కొందరు మాత్రలనే తప్పుబడతారు. రక్తంలోని క్రిమి పిల్లలను చంపి, దోమ ద్వారా పక్కవారికి సోకకుండా చేయడం వాటి పని. అప్పటికే చేరిన నీటిని అవి తీయలేవు. దానికి శస్త్రచికిత్సే మార్గం.

సూదితో తీస్తే మళ్లీ అదే

మొదట చెప్పిన రైతు చివరకు ఒకరి సలహాపై ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్లాడనుకుందాం. సూదితో అర లీటరు నీరు తీశాడు. ఆ సాయంత్రం ఎంతో తేలిక. కానీ నీరు ఊరే పొర అలాగే ఉంది కనుక కొన్ని వారాల్లోనే, మహా అయితే కొన్ని నెలల్లో సంచి మళ్లీ నిండుతుంది. రెండోసారీ మూడోసారీ గుచ్చినప్పుడు లోపల రక్తస్రావం కావచ్చు, సూది వెంట క్రిములు వెళ్లి నీరు చీముగా మారవచ్చు. జ్వరం, ఎరుపు, నొప్పితో ఆసుపత్రికి వస్తే అప్పుడిక చిన్న ఆపరేషన్ కాదు. చీము ముదిరితే వృషణమే తీసేయవలసి రావచ్చు.

చిన్న వాపు ఉండి, పరీక్షలో వృషణం బాగుందని తేలి, ఇబ్బంది లేకపోతే పెద్దవారికీ ఆపరేషన్ అవసరం లేదు. బరువుగా లాగుతున్నా, నడకకు, మూత్ర విసర్జనకు, దాంపత్యానికి అడ్డొస్తున్నా, పెరుగుతూ పోతున్నా చేయించుకోవాలి. సాధారణంగా నడుముకు మత్తు ఇచ్చి, సంచిపై గాటు పెట్టి నీరు తీస్తారు. నీరు ఊరే పొరను కోసి తీసేయడమో, తిరగేసి కుట్టడమో చేస్తారు. వృషణం జోలికి పోరు. మగతనం పోతుందన్న భయమే చాలామందిని ఆపుతున్నది గానీ, ఆ భయానికి ఆధారం లేదు. శస్త్రచికిత్స విభాగాలు అటు ఖమ్మం, ఇటు కొత్తగూడెం ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉన్నాయి. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు కూడా ప్రారంభమయ్యాయి. మధుమేహం ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఆపరేషన్ తరువాత వాపు వెంటనే మాయం కాదు. మొదటి వారం పాత వాపంత కనిపించి కంగారు పెట్టవచ్చు. బిగుతైన లంగోటీ కట్టుకుంటే నెమ్మదిగా తగ్గుతూ కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. తగ్గవలసింది రోజు రోజుకూ పెరుగుతున్నా, నొప్పి ఎక్కువైనా, జ్వరం వచ్చినా, కుట్ల నుంచి చీము కారినా తిరిగి ఆసుపత్రికి వెళ్లాలి. తేలికపాటి పనులు వారం పది రోజుల్లో మొదలుపెట్టవచ్చు. మిరప బస్తాలు ఎత్తడం, నాగలి పట్టడం, సైకిల్ తొక్కడం మాత్రం సుమారు నెల రోజులు ఆపాలి. అందుకే అత్యవసరం కానివారు మిరప కోతలు ముగిశాక వేసవిలో తేదీ అడిగి తీసుకోవడం మేలు.