మొదటి పదం ఒక్కటే సరిపోతే చాలదు

పదో తరగతిలో శ్రేఢుల పాఠం చదివి పాలిసెట్ లాంటి పరీక్షలకు కూర్చునే పిల్లలకు బాగా తెలిసిన తరహా ప్రశ్న ఒకటి చూద్దాం. ఒక అంకశ్రేఢిలో మొదటి n పదాల మొత్తం 3n² + 5n. అయితే n వ పదం ఎంత? ఆప్షన్లు నాలుగు: 6n + 2, 6n + 5, 6n + 8, 3n + 5.

నాలుగూ ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి. ప్రశ్న తయారుచేసేవాళ్లు వీటిని ఊరికే రాయరు. పిల్లలు ఎక్కడ తడబడతారో వాళ్లకు తెలుసు, ఒక్కో తడబాటుకూ ఒక్కో ఆప్షన్ సిద్ధం చేస్తారు. n పదాల మొత్తంలోంచి అంతకుముందు n − 1 పదాల మొత్తం తీసేస్తే n వ పదం మిగులుతుంది. కంగారులో n + 1 పదాల మొత్తంలోంచి n పదాల మొత్తం తీసేసినవాళ్లకు 6n + 8 వస్తుంది. అది తరవాతి పదం. మొత్తాన్ని n తో భాగించేసినవాళ్లకు 3n + 5 వస్తుంది. అది పదాల సగటు. ఇంటర్లో కలనగణితం నేర్చుకుని ఆ అలవాటుతో అవకలనం చేసేసినవాళ్లకు 6n + 5 వస్తుంది. చిక్కేమిటంటే, తప్పు చేసినవాళ్లకు కూడా తమ జవాబు ఆప్షన్లలో కనిపిస్తుంది. కనిపించింది కాబట్టి రైటే అనుకుని తరవాతి ప్రశ్నకు వెళ్లిపోతారు.

పదాలు రాసి చూడటం ఇక్కడే పనికొస్తుంది. n = 1 వేస్తే మొత్తం 3 + 5 = 8. ఒక్క పదం మొత్తమంటే ఆ పదమే కదా, కాబట్టి మొదటి పదం 8. ఇప్పుడు ఆప్షన్లలో 1 వేయండి. 6n + 2 కి 8, 6n + 5 కి 11, 6n + 8 కి 14, 3n + 5 కి 8. రెండు పోయాయి, రెండు మిగిలాయి. చాలామంది మొదటి ఆప్షన్‌కి 8 రాగానే ఆగిపోయి బబుల్ నింపేస్తారు. ఈ ప్రశ్నలో అదృష్టం కొద్దీ అది సరైనదే. 3n + 5 ని మొదట్లో పెట్టి ఉంటే అదే పద్ధతిలో మార్కు పోయేది.

n = 2 వేస్తే 12 + 10 = 22. ఈ 22 రెండో పదం కాదు, మొదటి రెండు పదాల మొత్తం. పక్కన రాసుకోకపోతే ఇక్కడ పొరబడటం చాలా తేలిక. 22 లోంచి 8 తీస్తే రెండో పదం 14. 6n + 2 కి 14 వస్తుంది, 3n + 5 కి 11. ఇక సందేహం లేదు. మూడో పదం కూడా చూస్తానంటే మొత్తం 27 + 15 = 42, అందులోంచి 22 పోతే 20. శ్రేఢి 8, 14, 20. పదాంతరం 6.

n = 1 దగ్గర మొదటి పదమూ, ఒక పదం మొత్తమూ ఒకటే. అందుకే పదం అడిగారా మొత్తం అడిగారా అనే తేడాను అది ఎప్పుడూ పట్టుకోలేదు. గుణశ్రేఢిలో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 2 + 6 + 18 + ... ఇలా n పదాల మొత్తం ఎంత అంటే, 3ⁿ − 1, 3ⁿ⁻¹ + 1, 2·3ⁿ⁻¹, 2(3ⁿ − 1) అని ఆప్షన్లు ఇచ్చారనుకోండి. n = 1 వేస్తే మొదటి మూడింటికీ 2 వస్తుంది, చివరిదొక్కటే 4 తో తప్పుకుంటుంది. రెండు పదాల మొత్తం 2 + 6 = 8. n = 2 కి ఆ మూడు ఆప్షన్లూ వరసగా 8, 4, 6 ఇస్తాయి. 3ⁿ − 1 నిలిచింది. ఆ 6 ఎక్కడిదో చూశారా? అది రెండో పదం. మొత్తం అడిగితే పదం రాసేవాళ్ల కోసం పెట్టిన ఆప్షన్ అది.

n = 2 కి కూడా ఒక బలహీనత ఉంది. 2n, n², 2ⁿ మూడూ అక్కడ 4 అయిపోతాయి. అందుకే ఘాతాలున్న ఆప్షన్లయితే 3 దాకా వెళ్లడం మంచిది. అక్కడ అవి 6, 9, 8 గా విడిపోతాయి.

పదాలు ఎక్కువైతే రాసి చూడటం ఎలా అన్న ప్రశ్న వస్తుంది. చదరంగం లెక్కే తీసుకోండి. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా 64 గడులు నిండితే మొత్తం గింజలెన్ని? తెలుగులో పావులూరి మల్లన పేరు మీద చెప్పుకునే పద్యమొకటి ఈ జవాబును అంకెలకు బదులు పదాలతో, ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి చెబుతుంది: 18446744073709551615. ఆప్షన్లు 2⁶³, 2⁶³ − 1, 2⁶⁴, 2⁶⁴ − 1 అనుకుందాం. 64 గడులు ఎవరూ కూడరు. మూడే గడుల చదరం అనుకోండి. 1 + 2 + 4 = 7, అంటే 2³ − 1. నాలుగు గడులైతే 15, అంటే 2⁴ − 1. గడుల సంఖ్యే ఘాతంగా వస్తోంది, ఒకటి తగ్గుతోంది. కాబట్టి 2⁶⁴ − 1. ఇంకో తనిఖీ కూడా ఉంది. మొదటి గడిలో ఒకటి, మిగతా అన్నిట్లో సరిసంఖ్యలు, కాబట్టి మొత్తం బేసి కావాలి. ఆ మాటతోనే 2⁶³, 2⁶⁴ రెండూ కొట్టుకుపోతాయి.

ఈ పద్ధతి ఎంతవరకు నమ్మదగినది? ఒక్క పదం దగ్గర తేడా వచ్చిందంటే ఆ ఆప్షన్ తప్పే, అందులో అనుమానం లేదు. సరిపోయిందంటే మాత్రం అది ఇంకా పోటీలో ఉందని మాత్రమే అర్థం. 2ⁿ⁻¹ కి మొదటి పదాలు 1, 2, 4, 8. (n² − n + 2)/2 కి 1, 2, 4, 7. మూడు పదాల దాకా రెండూ కలిసే నడిచాయి. నాలుగింట్లో ఒకటే సరైనదైతే మూడు కొట్టేసేదాకా పదాలు రాస్తే పని అయినట్టే. ‘పైవేవీ కావు’ అనే ఆప్షన్ ఉంటే అలా తేల్చలేం. అప్పుడు అంకశ్రేఢి అని ప్రశ్నలోనే చెప్పారా అన్నది ముఖ్యం. చెప్పి ఉంటే, pn + q రూపంలో ఉన్న n వ పదానికి రెండు చోట్ల సరిపోవడమే చాలు. మొత్తం సూత్రంలో n² ఉంటుంది కాబట్టి దానికి మూడు చోట్ల సరిపోవాలి.

పదాలు రాయడంవల్ల సూత్రం దాచిపెట్టే లోపం బయటపడే సందర్భం కూడా ఒకటి ఉంది. పై ప్రశ్నలో మొత్తం 3n² + 5n + 1 అని ఇచ్చి, అంకశ్రేఢి అన్న మాట తీసేశారనుకోండి. తీసివేత చేస్తే మళ్లీ 6n + 2 వస్తుంది, ఎందుకంటే ఆ 1 రెండు చోట్లా ఉండి రద్దయిపోతుంది. పదాలు రాస్తే మొత్తాలు 9, 23, 43. పదాలు 9, 14, 20. తేడాలు 5, 6. ఇది అసలు అంకశ్రేఢే కాదు. 6n + 2 రెండో పదం నుంచే పనిచేస్తుంది, మొదటి పదం విడిగా 9.

మీరే ఒకటి చేసి చూడండి. n పదాల మొత్తం 2n² + 3n. n వ పదానికి ఆప్షన్లు 2n + 3, 4n + 5, 4n + 3, 4n + 1. మొదటి పదంతో ఆగిపోతే 2n + 3 కి టిక్కు పెట్టే ప్రమాదం ఉంది. రెండో పదం 9. జవాబు 4n + 1.