'అడిషనల్ ప్లీజ్' మీమ్‌కి అంత నవ్వెందుకు? రాత్రి చదివింది హాల్‌లో ఎటు పోతుంది?

మోర్తాడ్‌లో టెన్త్ పిల్లలైనా, హైదరాబాద్ హాస్టల్‌లో బీటెక్ వాళ్లైనా.. పరీక్షలొస్తే షేర్ చేసే మీమ్ ఒక్కటే. ముందు బెంచీ నుంచి 'అడిషనల్ ప్లీజ్' అని వినిపిస్తుంది, మనం ఇంకా హాల్‌టికెట్ నంబర్ దగ్గరే ఉంటాం. తెలంగాణ టెన్త్‌లో 2025 నుంచి 24 పేజీల బుక్‌లెట్ ఇస్తున్నారు. అడిషనల్ పోయింది కానీ మీమ్ పోలేదు!

ఎందుకంటే సీన్ నిజమే. రాత్రి రెండింటికి నోట్స్ మూడోసారి తిరగేస్తే ప్రతి లైనూ తెలిసినట్టే ఉంటుంది. అది గుర్తుపట్టడం మాత్రమే. హాల్‌లో నోట్స్ కనపడవు, ఖాళీ పేజీ మీదకి మనమే గుర్తు తెచ్చుకోవాలి. రాత్రంతా మనం ప్రాక్టీస్ చేయనిది సరిగ్గా ఆ పనే.

అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే సైకాలజిస్టులు 2006లో కాలేజీ విద్యార్థులపై దీన్ని పరీక్షించారు. 5 నిమిషాల తర్వాత టెస్ట్ పెడితే, పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత సీన్ తిరగబడింది. మళ్లీ చదివినవాళ్లకు 42 శాతం గుర్తుంటే, పుస్తకం మూసి గుర్తున్నంత రాసి చూసుకున్నవాళ్లకు 56 శాతం గుర్తుంది.

చెక్ చేసుకోవడం ఈజీనే. ఒక ఆన్సర్ చదివి, బుక్ మూసి తెల్లకాగితంపై రాయండి. రెండు లైన్లకే పెన్ను ఆగిందా? రేపు హాల్‌లోనూ అక్కడే ఆగుతుంది. కాకపోతే ఇప్పుడు బుక్ పక్కనే ఉంది.