గ్యాసా, గుండెపోటా?

ఒక ఉదాహరణ అనుకుందాం. యాభై దాటిన మనిషి, చాలాకాలంగా షుగర్ ఉంది. పెళ్లి విందులో మటన్ బిర్యానీ దట్టంగా తిని ఇంటికొచ్చాడు. గంటకల్లా ఛాతీ మధ్యలో మంట. గ్యాస్ సిరప్ తాగితే కాస్త నెమ్మదించింది. ‘చూశావా, గ్యాసే’ అని భార్యకు చెప్పి పడుకున్నాడు. తెల్లవారుజామున ఒళ్లంతా చల్లటి చెమటలతో లేచాడు. అది గుండెపోటు.

అతన్ని ముంచింది సిరప్ ఇచ్చిన ఉపశమనం. గుండెనొప్పి దానంతటదే తగ్గి, మళ్లీ రావచ్చు. ఆ తగ్గే సమయంలో ఏ మందు వేసుకున్నా అదే పనిచేసినట్టు అనిపిస్తుంది. భోజనం తర్వాత వచ్చింది కాబట్టి కడుపుదే అనుకోవడమూ సరికాదు. బాగా తిన్నాక అరుగుదల కోసం గుండె మరింత రక్తాన్ని పంపాలి. రక్తనాళాలు ముందే సన్నబడి ఉంటే ఆ అదనపు పనికి తట్టుకోలేకపోవచ్చు. పైగా గుండె నుంచి, అన్నవాహిక నుంచి నొప్పిని మోసే నరాలు వెన్నుపాములో దాదాపు ఒకేచోట కలుస్తాయి. అందుకే గుండె కిందిభాగం దెబ్బతిన్నప్పుడు పొట్ట పైభాగంలో నొప్పి, వాంతి రావచ్చు.

తేడా తెలిపే గుర్తులు కొన్ని ఉన్నాయి. ఆసిడిటీ మంట సాధారణంగా పొట్ట నుంచి గొంతుకి పాకుతుంది, పుల్లటి తేన్పులు వస్తాయి, పడుకున్నా వంగినా పెరుగుతుంది. గుండెపోటులో మంటకన్నా బరువు, బిగింపు ఎక్కువ. అది ఎడమచేతికో దవడకో వీపుకో పాకుతుంది. చెమట, ఆయాసం తోడవుతాయి. కానీ షుగర్ ఉన్నవాళ్లలో, స్త్రీలలో, వృద్ధులలో ఈ గుర్తులు స్పష్టంగా లేకపోవచ్చు. నీరసం, వికారం తప్ప మరేమీ ఉండకపోవచ్చు. మెట్లెక్కి పరీక్షించుకునే అలవాటు కొందరికి ఉంది, దయచేసి ఆ పని చేయకండి.

ఆసుపత్రికి చేరిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది నియమం. మొదటి ఈసీజీ బాగుందని ఇంటికి బయల్దేరకండి. గుండెపోటు తొలి దశలో అది మామూలుగానే కనిపించవచ్చు. మళ్లీ తీస్తారు, ట్రోపోనిన్ రక్తపరీక్ష చేస్తారు. దెబ్బతిన్న గుండె కండరం నుంచి వెలువడే ఆ ప్రొటీన్ రక్తంలో పెరగడానికి కొన్ని గంటలు పట్టవచ్చు, అందుకే రెండోసారి కూడా పరీక్షిస్తారు. ఓపిగ్గా ఉండాల్సిందే.

మంట పదిహేను నిమిషాలు దాటినా, చెమటగానీ ఆయాసంగానీ కలిసినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆస్పిరిన్ పడనివాళ్లు, కడుపులో రక్తస్రావం ఉన్నవాళ్లు కాకపోతే, వాళ్లు చెప్పినట్టు 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమలవచ్చు. బండి మాత్రం మీరు నడపకండి.