చూపు ఎక్కడ నిలపాలి?

వీడియో ఇంటర్వ్యూలో తెరమీద ప్యానెల్ సభ్యుల ముఖాలు చూస్తూ జవాబిస్తే, మీరు నేలచూపులు చూస్తున్నట్టు వాళ్లకు కనిపిస్తుంది. కెమెరా తెర పైఅంచున ఉండటమే కారణం. ల్యాప్‌టాప్ కింద లావుపాటి పుస్తకాలు పెట్టి కెమెరాను కళ్ల ఎత్తుకు తెండి. జూమ్ విండోను చిన్నది చేసి సరిగ్గా కెమెరా కిందికి జరపండి. వాళ్లు అడిగేటప్పుడు ముఖాలు చూడండి, మీరు చెప్పేటప్పుడు కెమెరాను చూడండి. ఎదురుగా కూర్చుంటే ముగ్గురి వైపూ చూపు తిప్పాలి. ఇక్కడ ఒక్క కెమెరాను చూస్తే ముగ్గురినీ చూసినట్టే. అదొక్కటే సుఖం!

మాట్లాడుతుంటే మన ముఖం మనకే కనిపించడం కంగారును పెంచుతుంది. వెలుతురు సరిచూసుకున్నాక మీ వీడియో మీద కుడి క్లిక్ చేసి Hide Self View నొక్కండి. వాళ్లకు మీరు కనిపిస్తూనే ఉంటారు. ప్రశ్న సరిగా వినపడకపోతే ఊహించి జవాబివ్వకండి, మళ్లీ అడగమనండి.